లంబసింగి పొగమంచు ఫొటోలో తాతగారిని చేర్చాలి: మనిషి మాత్రం అతికించినట్టే కనిపిస్తున్నారు

కొండగాలి

అందరికీ నమస్కారం. నర్సీపట్నంలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఒక కుటుంబం డిసెంబరులో లంబసింగి వెళ్లి, ఉదయం ఏడు గంటలప్పుడు రోడ్డు మలుపులో నిలబడి ఫోనుతో ఫొటో తీయించుకుంది. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు. వెనుక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ పైన అంతా తెల్లటి మంచు. మోకాళ్ల నొప్పితో తాతగారు రాలేకపోయారు. ఆయనను తండ్రి పక్కన నిలబెట్టి పెద్ద ప్రింటు కావాలని అడిగారు.

తాతగారి ఫొటో వాళ్ల ఇంటి వరండాలో ఫోనుతో తీసినది. తెల్ల చొక్కా, పంచె, నల్ల ఫ్రేము కళ్లజోడు. కత్తిరింపు శుభ్రంగానే వచ్చింది. పైన తెల్లటి లేయరు స్క్రీన్ మోడ్‌లో 30 శాతం వేశాను. చొక్కా మెరిసిపోతోంది, పంచె మడతలు కనిపించడం లేదు, అయినా ఆయన ఆ మంచులో ఉన్నట్టు లేరు. లోపం ఎక్కడుందో చెప్పగలరా? ఫొటోషాప్ వాడుతున్నాను.

పాతఆల్బం

డీహేజ్ స్లైడరును ఎడమకు కాకుండా కుడికి జరపండి. మంచు పోయి చెట్లు స్పష్టంగా వస్తాయి. మా మేనకోడలి అరకు ఫొటోలన్నీ అలాగే బాగుచేశాను.

కొండగాలి

మంచు తీసేయడం కాదండీ. ఆ మంచు కోసమే వాళ్లు అంత దూరం వెళ్లారు. అదే మంచు తాతగారి మీద కూడా ఉండాలి.

రంగులరాట్నం

స్క్రీన్ మోడ్ సరైనదే. మంచు అంటే గాలిలో చెదిరిన వెలుగు కదా, వెలుగును కలపడానికి స్క్రీనే వాడాలి. 30 చాలదు, 50 చేయండి. రంగుల గాఢత కొంచెం తగ్గించండి. చివరగా మనిషి మీద రెండు పిక్సెళ్ల గాసియన్ బ్లర్ వేస్తే కలిసిపోతారు. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

దూరదృశ్యం

రంగులరాట్నం గారు చెప్పినదాంట్లో సగం నిజం. గాలిలో చెదిరిన వెలుగు మనిషికీ కెమెరాకూ మధ్య వచ్చి చేరుతుంది. అందువల్ల నలుపు బూడిద రంగుకు తేలుతుంది. కానీ అదే మంచు, మనిషి నుంచి కెమెరాకు రావాల్సిన వెలుగులో కొంత భాగాన్ని ఆపేస్తుంది కూడా. స్క్రీన్ మోడ్ మొదటి పని చేస్తుంది, రెండోది చేయదు. అందులో ఏ పిక్సెలూ ముందుకన్నా చీకటి కాదు. అందుకే ఆయన చొక్కా అంతగా మెరుస్తోంది. నిజమైన మంచులో నలుపు పైకి వస్తుంది, మంచుకన్నా తెల్లగా ఉన్నది కిందికి దిగుతుంది, రెండూ మంచు రంగు వైపే నడుస్తాయి.

దీనికి స్క్రీన్ అక్కరలేదు. మంచు రంగుతో నింపిన సాలిడ్ కలర్ లేయరును నార్మల్ మోడ్‌లో, తాతగారి లేయరుకు క్లిప్ చేసి వేయండి. అపాసిటీయే మంచు చిక్కదనం.

```
ఫలితం = మనిషి × (1 − మంచు) + మంచు రంగు × మంచు
```

ఇక ఆ అపాసిటీ ఎంత? దాన్ని ఊహించవద్దు, ఫొటోనే చెబుతుంది. ఐడ్రాపర్‌ను 5 by 5 Average కు మార్చి, Info పానెల్ తెరిచి మూడు అంకెలు రాయండి. ఒకటి, తండ్రి జుట్టులో అతి చీకటి చోటు. నడినెత్తి మీద వద్దు, అక్కడ ఆకాశపు వెలుగు పడి ఉంటుంది. చెవి వెనుక నీడలో చూడండి. రెండు, వాళ్ల భుజాల ఎత్తులో, దూరాన చెట్లు పూర్తిగా కరిగిపోయిన చోట మంచు రంగు. పైన ఆకాశం దగ్గర తీసుకోవద్దు, అక్కడ ఇంకా తెల్లగా ఉంటుంది. మూడు, తాతగారి అసలు ఫొటోలో కళ్లజోడు ఫ్రేము.

కొండగాలి

తండ్రి చెవి వెనుక 96 వచ్చింది. మంచు సుమారు 190, నీలం మాత్రం నాలుగైదు ఎక్కువ. కళ్లజోడు ఫ్రేము 20. ఆ పక్కన తల్లి తెల్ల శాలువా కూడా చూశాను, వెలుగు పడిన చోట 200.

దూరదృశ్యం

శాలువా కొలవడం చాలా మంచిపని, అది ఇప్పుడే పనికొస్తుంది.

20 ఉన్న నలుపు 96 కావాలి. మంచు వైపు పూర్తిగా వెళ్తే 190. అంటే 170 మెట్లలో 76 మెట్లు ఎక్కాలి, దాదాపు 45 శాతం. మీ మంచు లేయరు అపాసిటీ అదే.

ఇప్పుడు చొక్కా. వరండా ఫొటోలో అది 245 దాకా ఉండి ఉంటుంది. 45 శాతం మంచు వేస్తే 220కి దిగుతుంది. కానీ పక్కనే ఉన్న శాలువా 200. ఆ ఇరవై తేడా మంచుది కాదు, వెలుతురుది. మంచు రోజున వెలుగు అన్ని వైపుల నుంచీ మెత్తగా వస్తుంది, నిలువుగా ఉన్న బట్ట మీద వరండాలో పడినంత పడదు. కాబట్టి మంచు వేయకముందే, దాని కింద ఒక కర్వ్స్ లేయరు పెట్టి చొక్కా తెలుపును 245 నుంచి 208 దాకా దించండి. 208కి 45 శాతం మంచు కలిస్తే 200 వస్తుంది. ముందు వెలుతురు, ఆ తర్వాత మంచు. ఈ వరుస తిరగబడితే ఎంత సేపు స్లైడర్లు జరిపినా కుదరదు.

ఒక్కటి చూసుకోండి. వరండాలో ఎండ నేరుగా ముఖం మీద పడిందా? ముక్కు నీడ చెంప మీద గీతలా ఉంటే ఆ ఫొటో పనికిరాదు. చిక్కటి మంచులో అలాంటి నీడ ఉండదు. మంచు లేయరు దాన్ని పలచన చేస్తుంది గాని చెరపదు.

కొండగాలి

ఎండ పడలేదు, నీడలోనే తీశారు. చేసి చూపిస్తాను.

యమునాతీరం

ఢిల్లీలో ఉంటాను కాబట్టి ఒక మాట. లంబసింగి మంచు నీటి బిందువులు, అవి అన్ని రంగుల వెలుగునూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, అందుకే తెల్లగా బూడిదగా ఉంటుంది. ఇక్కడ శీతాకాలంలో పొగ కలిసిన మసక గోధుమ పసుపు. దూరపు కొండల మీద కనిపించే పలచటి మసక నీలం. మసక పలచగా ఉన్నప్పుడు ఎండ కూడా ఉంటుంది, నీడలు నేల మీద పడతాయి, నీడలు మాత్రమే నీలంగా తేలుతాయి. దూరదృశ్యం గారి పద్ధతి అక్కడా పనిచేస్తుంది గాని మంచు రంగును తెలుపు అనుకొని వేయకూడదు, ప్రతి ఫొటోలో విడిగా తీసుకోవాలి.

కొండగాలి

చేశాను. చొక్కా, శాలువా ఇప్పుడు ఒకే గాలిలో ఉన్నాయి, చాలా తేడా వచ్చింది. కళ్లజోడు 96 దగ్గరే ఉంది. కానీ ముఖం మాత్రం విభూతి పూసినట్టు ఉంది. తండ్రి ముఖం అంత పాలిపోలేదు. నలుపు సరిపోయింది, తెలుపు సరిపోయింది, మధ్యలో ఎందుకు ఇలా?

జింప్‌వాడుకరి

నాకు ఇంకో సమస్య. మీ ఇద్దరి మాటలూ చదివి నా దగ్గరున్న ఒక మంచు ఫొటోలో అవే అంకెలతో ప్రయత్నించాను. నల్ల గొడుగు 20, మంచు 190, జింప్ 2.10లో నార్మల్ మోడ్, 45 శాతం. గొడుగు 96 రావాలి కదా, 133 వచ్చింది. లెక్క తప్పా, జింప్ తప్పా?

దూరదృశ్యం

ఇద్దరి ప్రశ్నకూ జవాబు ఒక్కటే, అందుకే కలిపి రాస్తున్నాను.

ఫైలులో ఉన్న 0 నుంచి 255 అంకెలు వెలుగు పరిమాణాలు కావు. మన కంటికి అనువుగా వంచి రాసిన అంకెలు. 190 అంటే తెల్లటి తెలుపులో నాలుగింట మూడు వంతుల వెలుగు అనుకుంటాం, నిజానికి అది సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. 96 అంటే దాదాపు 12 శాతం. గాలిలో కలిసేది అసలు వెలుగు, ఈ వంచిన అంకెలు కావు.

ఫొటోషాప్ మామూలుగా వంచిన అంకెలనే కలుపుతుంది. జింప్ 2.10లోని కొత్త నార్మల్ మోడ్ అసలు వెలుగుగా మార్చి కలుపుతుంది. అందుకే జింప్‌వాడుకరి గారికి అదే 45 అంత చిక్కగా పడింది. అసలు వెలుగులో లెక్క వేస్తే, 20 నుంచి 96కు రావడానికి 22 శాతం మంచు చాలు. జింప్‌లో 22 పెట్టి చూడండి, గొడుగు 96 దగ్గర ఆగుతుంది. మీ లెక్కా తప్పు కాదు, జింపూ తప్పు కాదు.

ఇక తాతగారి ముఖం. చెంప 130 అనుకుందాం. ఫొటోషాప్ పద్ధతిలో 45 శాతం కలిపితే 157 అవుతుంది. అసలు వెలుగులో 22 శాతం కలిపితే 146. రెండింటిలోనూ నలుపు 96కే చేరింది, కానీ నడిమి రంగులు మొదటి పద్ధతిలో పది పదకొండు మెట్లు ఎక్కువ పాలిపోతాయి. మీరు చూస్తున్న విభూతి అదే.

ఫొటోషాప్‌లో దీనికి రెండు దారులు ఉన్నాయి. ఎడిట్ మెనూలో కలర్ సెట్టింగ్స్ తెరిచి, కింద అధునాతన భాగంలో `Blend RGB Colors Using Gamma` దగ్గర 1.00 పెడితే నార్మల్ లేయర్లు అసలు వెలుగులో కలుస్తాయి. అప్పుడు అపాసిటీ 22. కానీ ఇది ఆ ఒక్క ఫైలుకే పరిమితం కాదు, మీరు తెరిచే పాత లేయర్ల ఫైళ్లన్నీ వేరుగా కనిపిస్తాయి. పని అయ్యాక తీసేయడం మరిచిపోవద్దు. రెండో దారి, 45 శాతాన్ని అలాగే ఉంచి, దాని పైన మరో కర్వ్స్ లేయరు వేసి నడిమి భాగాన్ని మాత్రమే 157 నుంచి 146 దాకా దించడం. స్టూడియోలో రోజూ పది ఫైళ్లతో పని కాబట్టి మీకు రెండోదే సుఖం.

రంగులరాట్నం

ఇంత లెక్క లేకుండానే నేను వందల ఆల్బములు ఇచ్చాను. అయినా తెల్ల చొక్కా విషయం ఒప్పుకుంటున్నాను, స్క్రీన్ దాన్ని దించలేదు. బ్లర్ మాత్రం వేయాల్సిందే. మంచులో అన్నీ మెత్తగా ఉంటాయి.

దూరదృశ్యం

తండ్రి కనురెప్పలను రెండు వందల శాతానికి పెంచి చూడమనండి. అవి పదునుగా ఉంటే తాతగారివీ పదునుగానే ఉండాలి. మంచులో దగ్గరి మనిషి అంచు కరగదు, అంచుకు ఇటూ అటూ ఉన్న తేడా తగ్గుతుంది. మనకు అది మెత్తదనంలా తోస్తుంది. బాగా దూరాన ఉన్న చెట్టుకైతే మీ మాటే సరి, దానికి కొంత బ్లర్ నప్పుతుంది.

రంగులరాట్నం

నా కంటికి బ్లర్ ఉన్నదే బాగుంటుంది. కస్టమర్లు కూడా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వానచినుకు

మంచు సంగతి వింటుంటే నా వాన సంగతి అడగాలనిపించింది. హైదరాబాదులో బట్టల దుకాణం ప్రకటన కోసం, స్టూడియోలో తీసిన అమ్మాయిని వాన పడుతున్న ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టాను. నల్ల లేయరు మీద నాయిస్, దానికి మోషన్ బ్లర్, స్క్రీన్ మోడ్. వాన వచ్చింది గాని అమ్మాయి ముందు తెర కట్టినట్టుంది. స్క్రీన్ ఇక్కడా తప్పేనా?

దూరదృశ్యం

కాదండీ, వాన గీతలకు స్క్రీన్ నప్పుతుంది. ఒక్కో చినుకూ చాలా సన్నం, అది వెనుకనున్నదాన్ని ఆపేది దాదాపు ఏమీ ఉండదు, వెలుగు మాత్రం చేరుస్తుంది. అందుకే వాన చీకటి చెట్ల ముందు కనిపిస్తుంది, తెల్లటి ఆకాశం ముందు కనిపించదు. మీ లేయరులో ఆకాశం మీద గీతలు కనిపిస్తుంటే అక్కడ చెరిపేయండి.

తెరలా ఉండటానికి కారణం గీతలన్నీ ఒకే పొడవు ఉండటం. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. షట్టరు 1/60 అయితే ఆ కాసేపట్లో దాదాపు 11 సెంటీమీటర్లు జారుతుంది. మీ అమ్మాయి ఎత్తు 165 సెంటీమీటర్లు, ఫొటోలో 1650 పిక్సెళ్లు ఉందనుకుంటే, ఆమె పక్కన పడే చినుకు గీత 110 పిక్సెళ్లు. కెమెరాకు సగం దూరంలో పడే చినుకుకు 220, కొంచెం మసకగా. ఆమెకు రెట్టింపు దూరంలో 55. ఇంకా వెనక్కి వెళ్తే గీతలు విడిగా కనిపించవు, అంతా కలిసి పలచటి మంచు అవుతుంది. అక్కడ గీతలు వేయకుండా, పైన కొండగాలి గారికి చెప్పిన మంచు లెక్కే వాడాలి. కాబట్టి పొట్టి గీతల లేయరు ఆమె వెనుక, మిగిలినవి ముందు.

కానీ అసలు చిక్కు గీతలు కావు. ఆమె తడిసిందా?

వానచినుకు

లేదు. జుట్టు ఆరబెట్టుకొని, పొడి చుడీదారుతో ఉంది.

దూరదృశ్యం

అయితే గొడుగు పట్టించండి. గొడుగు కింద గీతలు వద్దు. తడి జుట్టును, భుజాల మీద ముదిరిన బట్ట రంగును గీయడం కన్నా అది తేలిక. తడి రోడ్డు మీద ఆమె నీడ కాదు, ప్రతిబింబం కావాలి, అది మరిచిపోవద్దు.

కొండగాలి

మళ్లీ నా ఫొటోకు వస్తాను. ముఖం ఇప్పుడు బాగుంది, 147 చూపిస్తోంది. పాదాల కింద వెడల్పాటి పలచటి నీడ వేశాను, తండ్రి చెప్పుల కింద ఉన్నదాన్ని చూసి అంతే వేశాను. అయినా పెంచి చూస్తే తాతగారు నున్నగా ఉన్నారు. పక్కవాళ్ల మీద సన్నటి గరుకు ఉంది.

దూరదృశ్యం

అది కెమెరా గరుకు. ఫొటోలో మంచు ముందు వస్తుంది, సెన్సారు గరుకు ఆ తర్వాత పడుతుంది. అందుకే మంచు ఎంత చిక్కగా ఉన్నా గరుకు దాని వల్ల పలచబడదు. మీరు చేసిన పనిలో వరుస తిరగబడింది, తాతగారి ఫొటోలో అప్పటికే ఉన్న గరుకు మంచు లేయరు కింద దాదాపు సగానికి తగ్గిపోయింది. మంచు, కర్వ్స్ అన్నీ అయ్యాక, అన్నిటికన్నా పైన, 50 శాతం బూడిద రంగు లేయరును ఓవర్‌లే మోడ్‌లో పెట్టి దానికి నాయిస్ వేసి, తాతగారి ఆకారానికి మాస్కు చేయండి. తండ్రి చొక్కా మీది గరుకుతో పోలుస్తూ పెంచండి. ఫోను ఫొటోల్లో గరుకు కొంచెం ముద్దలుగా ఉంటుంది కాబట్టి, నాయిస్ వేశాక అర పిక్సెల్ బ్లర్ ఇవ్వాలి. రంగులరాట్నం గారి బ్లర్‌కు చోటు ఇదే.

కొండగాలి

గరుకు కుదిరింది. కస్టమరు చూశారు. నచ్చింది, కానీ ఒక మాట అన్నారు: "నాన్నగారి ముఖం ఇంకా కొంచెం స్పష్టంగా రావాలి." మంచు తగ్గిస్తే మళ్లీ అతికించినట్టు అవుతుంది కదా?

పాతఆల్బం

ముఖం మీద మాత్రం మంచు లేయరును కొంచెం చెరపండి. డబ్బు ఇచ్చేవారు ముఖం కోసమే ఇస్తారు. నలభై ఏళ్ల పాటు చేతితో టచింగ్ చేసిన రోజుల్లో కూడా ముఖాన్ని అంతో ఇంతో తేల్చేవాళ్లం.

దూరదృశ్యం

పాతఆల్బం గారి అనుభవాన్ని కాదనను, కాని ముఖం ఒక్కదాని మీద మంచు తగ్గితే, మెడ దగ్గర గీత గీసినట్టు తెలుస్తుంది. నేనైతే ఆయనను ఒకటి రెండు అడుగులు ముందుకు తీసుకొస్తాను. కుటుంబం కెమెరాకు ఎంత దూరంలో ఉంది?

కొండగాలి

దాదాపు ఎనిమిది మీటర్లు. రోడ్డుకు అటు అంచున వాళ్లు, ఇటు కాలువ గట్టు మీద ఫొటో తీసినవారు.

దూరదృశ్యం

మంచు ప్రతి మీటరుకూ మిగిలిన వెలుగులో ఒకే వంతును తింటుంది. ఎనిమిది మీటర్లకు 22 శాతం పోయింది. ఆరు మీటర్లకు లెక్క వేస్తే 17 శాతం పోతుంది. ఆ దూరంలో కళ్లజోడు నలుపు 96 కాదు, 86 ఉండాలి. ఫొటోషాప్ మామూలు పద్ధతిలో అపాసిటీ 45 బదులు 39. ముఖం ఆ మేరకు తేరుకుంటుంది, అదీ న్యాయంగా.

అయితే ఆరు మీటర్ల దగ్గరున్న మనిషి ఎనిమిది మీటర్ల దగ్గరున్న మనిషికన్నా మూడో వంతు పెద్దగా కనిపించాలి. పాదాలు కూడా కిందికి దిగాలి, క్షితిజ రేఖ నుంచి పాదాల దాకా ఉన్న దూరం అదే మూడో వంతు పెరగాలి. పరిమాణం పెంచి పాదాలు అక్కడే ఉంచితే గాలిలో తేలుతున్నట్టు ఉంటారు. మీ ఫ్రేములో కింద అంత చోటు ఉందా?

కొండగాలి

చోటు ఉంది, కానీ చిన్న పిల్ల సరిగ్గా అక్కడే అడ్డంగా నిలబడింది. తాతగారి పంచె ఆమె భుజాన్ని కప్పేస్తుంది.

యమునాతీరం

కప్పితే మంచిదే కదా. పాప తాతగారి వెనుక కొంచెం దాక్కున్నట్టు ఉంటుంది. పైగా ముందు వెనుకలు తెలియడం వల్ల అతికించినట్టు అనిపించదు.

పాతఆల్బం

పాప ముఖం సగం పోతే ఆ తల్లి ఒప్పుకోదు. నా మాట విని ముఖం మీద మంచును ఐదు శాతం చెరపండి, ఎవరికీ తెలియదు.

కొండగాలి

రెండు రకాలుగానూ చేసి పెడతాను. ఒకదాంట్లో తాతగారు ఆరు మీటర్ల దగ్గర, పాప భుజం దాకా మాత్రమే కప్పేలా. ఇంకొకదాంట్లో ఎనిమిది దగ్గరే ఉంచి ముఖాన్ని పాతఆల్బం గారు చెప్పినంత తేల్చి. కస్టమరు ఏది ఎంచుకున్నారో ఇక్కడ రాస్తాను. దూరదృశ్యం గారూ, ఇంకొక్కటి: ప్రింటు 20 × 30 అంగుళాలు. వెనుక మంచు చాలా నున్నగా ఉంది, పోయినసారి ఇలాంటి ఆకాశంలో మెట్లుమెట్లుగా గీతలు వచ్చాయి.

దూరదృశ్యం

నేపథ్యం ఫోను జేపీఈజీ కాబట్టి ఫైలును 16 బిట్లకు మార్చి పని చేయండి, అప్పుడు కర్వ్స్ వల్ల కొత్త మెట్లు పుట్టవు. ముందే ఉన్న మెట్లను అది పోగొట్టదు. ల్యాబుకు పంపే 8 బిట్ల ఫైలు తీసే ముందు నేపథ్యం మంచు మీద కూడా ఒకటి ఒకటిన్నర శాతం నాయిస్, మోనోక్రోమాటిక్ పెట్టి వేయండి. మొత్తం ప్రింటు వేయించేలోపు, మంచు నుంచి చెట్లకు మారే భాగాన్ని అసలు పరిమాణంలో ఒక చిన్న ముక్కగా వేయించి చూసుకోండి. మెట్లు ఉంటే అక్కడే తెలుస్తాయి.

జింప్‌వాడుకరి

22 పెట్టాను, గొడుగు 96 వచ్చింది. ధన్యవాదాలు.